మొగలిలంక పావుగంట

శ్యాంబాబుకి నలభై ఏడేళ్లు. అందులో పదహారేళ్లు మొగలిలంక రేవులో పంటి మీద టిక్కెట్లు చింపాడు. పంటి అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ అప్పుడప్పుడూ గేదెల్నీ కూడా గోదావరి దాటించే బల్లపరుపు ఇనుప పడవ. తరవాత రేవు వేలం పాట ఇంకొకరి చేతికి పోయింది, కొత్తవాళ్లు తమ మనుషుల్ని పెట్టుకున్నారు. శ్యాంబాబు ఆర్నెల్లు ఖాళీగా కూర్చుని, ఇంట్లో వాళ్లకి విసుగు పుట్టించి, చివరికి భీమవరంలో శ్రీనివాసరాజు గారి కంపెనీలో చేరాడు.

కంపెనీ పేరు కొత్తసంత. ఫోనులో యాప్ ఉంటుంది. అందులో కందిపప్పు దగ్గర్నుంచి కుక్కర్ గాస్కెట్ దాకా ఏది కావాలన్నా నొక్కితే, వారానికి రెండుసార్లు వ్యాను తెచ్చి ఇస్తుంది. పెద్ద పెద్ద కంపెనీలు గోదావరి నడుమ ఉన్న లంకలకి రామంటాయి, మనం వెళ్దాం అనేది రాజుగారి ఆలోచన. ఆలోచన మంచిదే. లంకల్లో ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలిసిన మనిషి కావాలి కదా. అలా శ్యాంబాబు దొరికాడు. ఆయన ఉద్యోగానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది గాని, చేసేది మాత్రం తిట్లు తినడం. సరుకు రాకపోయినా ఆయన్నే తిడతారు, వచ్చిన సరుకు నచ్చకపోయినా ఆయన్నే. పదహారేళ్లు రేవులో పనిచేసినవాడికి ఇది కొత్తేం కాదు.

మొగలిలంకలో కొత్తసంత కౌంటరు పెద్దింట్లమ్మ గారి ముందుగదిలో ఉంది. అరవై రెండేళ్ల మనిషి. భర్త పోయి పద్నాలుగేళ్లయింది. కొబ్బరితోటల్లో పనికి వెళ్లేది, మోకాళ్లు అరిగాక మానేసింది. కూతురు దుర్గాశ్రీ కువైట్‌లో ఉంది. వ్యాను దింపిన సరుకు ఈవిడ ముందుగదిలో పెడుతుంది, ఊళ్లోవాళ్లు వచ్చి ఎవరిది వాళ్లు పట్టుకెళ్తారు. ఆర్డరుకింతని కంపెనీ ఇస్తుంది. అది ఆవిడకి తిండికీ మందులకీ సరిపోతుంది, కూతురి ముందు చెయ్యి చాచక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, ఆ వంకన రోజూ నలుగురు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఆవిడ ఈ రెండోది ఎవరికీ చెప్పదు గాని శ్యాంబాబుకి తెలుసు.

పోయిన నెల యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. ఆ మర్నాటి నుంచీ మొగలిలంక ఫోన్లు మొదలయ్యాయి.

"శ్యాంబాబూ, మీ యాప్‌కి ఏదో అయిందయ్యా. కార్డు నంబరు కొట్టాను, తారీకు కొట్టాను, వెనకాల మూడంకెలూ కొట్టాను. కట్టు అని నొక్కాను. ఇంక అంతే. చక్రం తిరుగుతానే ఉంది," అంది పెద్దింట్లమ్మ.

"డబ్బులు పోయాయా పిన్నిగారూ?"

"పోలేదు. దుర్గాశ్రీకి ఓటీపీ కూడా రాలేదంట."

ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఊళ్లో సగం ఇళ్లలో బ్యాంకు ఖాతా గల్ఫులో ఉన్న మనిషి నంబరుకి ముడిపడి ఉంటుంది. ఆ సిమ్ము వాళ్లతోనే కువైట్ వెళ్లిపోయింది. ఆ సిమ్ము ఈ ఫోనులో లేదు కాబట్టి, స్కాన్ చేసి కట్టే పద్ధతి ఈ ఫోనులో పనిచెయ్యదు. కార్డు మాత్రం ఇంట్లోనే ఉంది. నంబరు కొడితే కువైట్‌లో ఓటీపీ మోగుతుంది. వాట్సాప్‌లో ఫోను చేసి అంకెలు చెప్తారు, ఇక్కడ కొడతారు. బ్యాంకువాళ్లు ఒప్పుకోని పద్ధతే గాని, మొగలిలంక వంటింట్లో పొయ్యి వెలుగుతున్నది దీని మీదే.

చేతి డబ్బు కంపెనీ తీసుకోదు. అంచేత కార్డు ఆగితే మొగలిలంక ఆగినట్టే. వారానికి నలభై పైచిలుకు ఆర్డర్లు వచ్చే కౌంటరుకి మూడు వారాల్లో ఆరు మిగిలాయి. రాజుగారు కాగితం చూసి, "ఆరు ఆర్డర్ల కోసం వ్యాన్ని పంటి ఎక్కించలేం శ్యాంబాబు గారూ. వచ్చే శనివారం దాకా చూద్దాం. సాగకపోతే కౌంటరు ఎత్తేద్దాం," అన్నారు. ఆయన చెడ్డమనిషేం కాదు. లెక్క ముందు పెట్టుకుని మాట్లాడే మనిషి, అంతే.

యాప్ రాసేది కీర్తిప్రియ. తణుకు అమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయి, చెవుల్లో ఇయర్ ఫోన్లు తియ్యకుండానే అందరి మాటలూ వింటుంది. ఆ పిల్ల మొదట తేల్చేసింది, "టవరండీ. లంకల్లో సిగ్నల్ ఉండదు కదా."

టవరు మీద నెట్టెయ్యడం అందరికీ హాయి. టవరు తిరిగి మాట్లాడదు. శ్యాంబాబు మటుకు ఇంకో ప్రశ్న వేశాడు. "సిగ్నల్ లేకపోతే దుర్గాశ్రీతో వీడియో కాల్ ఎలా మాట్లాడుతున్నారమ్మా?"

కీర్తిప్రియ ఒక ఇయర్ ఫోను తీసింది.

అప్పట్నుంచీ ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలెట్టారు. ఆఫీసు ఫోనుని కావాలని నెమ్మది నెట్‌వర్క్ మీద పెట్టి చూశారు. పేజీ నీరసంగా కదిలింది గాని, చివరికి బ్యాంకు దాకా వెళ్లింది. అంచేత టవరు కాదు. పెద్దింట్లమ్మ గారి మోడల్ ఫోనే భీమవరంలో ఒకరి దగ్గర దొరికితే అందులో చూశారు. చక్కగా పనిచేసింది. ఫోను రకం కాదు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకోమన్నారు. ఎక్కించుకున్నారు, మళ్లీ ఆగింది. బ్యాంకేమో అనుకుంటే, ఆగిన కార్డులు అయిదు బ్యాంకులవి. అయిదు బ్యాంకులూ కూడబలుక్కుని ఒక్క మొగలిలంక మీద కక్ష కట్టవు కదా.

"పిన్నిగారూ, చక్రం తిరిగేటప్పుడు ఇంకేమన్నా జరుగుతోందా?" అని ఫోనులో అడిగాడు శ్యాంబాబు.

"ఫోను కాలిపోతోందయ్యా. నిన్న కొంగుతో పట్టుకున్నాను."

ఈ మాట చెప్తే కీర్తిప్రియ రెండో ఇయర్ ఫోను కూడా తీసేసింది. "వేడెక్కుతోందంటే అది ఆగిపోలేదండీ. లోపల ఏదో గట్టిగా పనిచేస్తోంది," అని సర్వర్ రికార్డులు తెరిచింది. చాలాసేపు చూసి కుర్చీ ఇటు తిప్పింది.

"ఇలా రండి. కార్డు కొట్టి నొక్కగానే మన యాప్ సర్వర్‌ని ఒక సెషన్ అడుగుతుంది. అంటే, ఈ మనిషి ఈ వస్తువుకి డబ్బు కడుతున్నారు అని ఒక చీటీ అనుకోండి. ఆ చీటీ పట్టుకుని బ్యాంకు దగ్గరికి వెళ్లాలి. చూడండి, పెద్దింట్లమ్మ గారి ఫోను చీటీ అడిగింది, సర్వర్ ఇచ్చింది. వెంటనే మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చింది. ఒక్క నిమిషంలో మూడువందల చీటీలు. ఒక్కటీ బ్యాంకు గుమ్మం తొక్కలేదు."

"ఇచ్చింది తీసుకోవట్లేదా?"

"తీసుకుంటోంది. తీసుకుని పారేస్తోంది. ఎందుకో తెలీదు."

టిక్కెట్టు చేతిలో పెడితే నలిపి గోదాట్లో పారేసి, మళ్లీ టిక్కెట్టివ్వు అని చెయ్యి చాచేవాడు శ్యాంబాబుకి పదహారేళ్లలో ఒక్కడూ తగల్లేదు. ఆ మాటే అన్నాడు. కీర్తిప్రియ నవ్వలేదు. ఆ పిల్లకి తను రాసిన దాంట్లోనే తప్పుందని అప్పటికే అర్థమైనట్టుంది.

పదిన్నరకి వస్తానని ఫోనులో చెప్పి, గురువారం పొద్దున్నే శ్యాంబాబు బయల్దేరి మొగలిలంక వెళ్లాడు. పెద్దింట్లమ్మ అరుగు మీదే ఉంది.

"ఇదా పదిన్నరకి రావడం? పదకొండు కావస్తోంది," అంది.

శ్యాంబాబు తన వాచీ చూసుకున్నాడు. పది ముప్ఫై. ముసలావిడ ఎప్పుడూ ఇలాగే ఎత్తిపొడుస్తుందిలే అనుకుని కూర్చున్నాడు. ఇంత దగ్గరగా వచ్చిన దాన్ని ఇంత తేలిగ్గా వదిలేసుకున్నవాడు ఇంకొకడుండడు. ఆ మాట తరవాత్తరవాత తనే అనుకున్నాడు.

ఊళ్లో స్కూల్లో పాఠాలు చెప్పే హైమ టీచరుకి ఆవేళ సెలవు. ఆవిడ రెండు నెలల కిందట తాడేపల్లిగూడెం నుంచి బదిలీ మీద వచ్చి, పెద్దింట్లమ్మ గారి పక్క వాటాలో అద్దెకుంటోంది. సరుకు పట్టుకెళ్దామని వచ్చింది.

"మీకు యాప్ ఆగిపోవట్లేదా అండీ?" అన్నాడు శ్యాంబాబు.

"లేదండి. నిన్ననే కార్డు కొట్టాను. వెళ్లిపోయింది."

శ్యాంబాబు చటుక్కున లేచాడు. ఒకే ఊరు, ఒకే టవరు, ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు ఫోన్లు. ఒకటి పనిచేస్తోంది, ఒకటి చెయ్యడం లేదు. భీమవరంలో కూర్చుని వారం చూసినా దొరకనిది ఇక్కడ అరుగు మీద దొరికింది.

హైమ టీచరు ఫోను నుంచి పెద్దింట్లమ్మ ఫోనుకి నెట్ ఇప్పించి చూశాడు. ఆగింది. పెద్దింట్లమ్మ తన కార్డు నంబరు తనే హైమ ఫోనులో కొట్టింది. బ్యాంకు పేజీ వచ్చింది, కువైట్‌లో ఓటీపీ మోగింది. నెట్టూ కాదు, కార్డూ కాదు. ఈ ఫోనులోనే ఏదో ఉంది. రెండు ఫోన్లూ పీట మీద పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ తేడా ఏంటా అని పైనుంచి కిందకి చూడ్డం మొదలెట్టాడు.

పైనే ఉంది. హైమ ఫోనులో పది నలభై రెండు. పెద్దింట్లమ్మ ఫోనులో పది యాభై ఏడు.

శ్యాంబాబు తలెత్తి గోడ గడియారం చూశాడు. అదీ పది యాభై ఏడే.

ఆ గడియారం ముళ్లు తిప్పింది తనే.

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటి పంటి మీద శ్యాంబాబు ఉన్నాడు. టైమయింది, విజిల్ వేశాడు, డ్రైవరు ఇంజను అందుకున్నాడు. పాటు నీరు దిగుతోంది. అప్పుడు ఆలస్యం చేస్తే పంటి ఇసక మేట మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా లేవదు. అంచేత నిమిషం కూడా ఆగకూడదన్నది రూలు. పంటి పది గజాలు కదిలాక గట్టు మీద పెద్దింట్లమ్మ కనిపించింది. ఒక చేత్తో మొగుణ్ణి పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతోంది. శ్యాంబాబు చూశాడు. నీటిని చూశాడు, డ్రైవరుని చూశాడు. ఆపమని అనలేదు. తరవాతి పంటి మేట తప్పించుకుని చుట్టూ తిరిగి ముప్పావుగంటకి వచ్చింది. ఆ మనిషి గుండె అంతసేపు ఉండలేదు. రేవులోనే, టిక్కెట్లు ఇచ్చే బల్ల మీద పడుకోబెట్టారు.

పదోరోజు వెళ్లాక శ్యాంబాబు మొగలిలంకలో ఇల్లిల్లూ తిరిగాడు. "మీ గడియారాలు పావుగంట ముందుకి పెట్టుకోండి. టైము చూసుకుని బయల్దేరితే పంటి తప్పదు," అని బతిమాలాడు. కొన్ని ఇళ్లలో తనే స్టూలు వేసుకుని ఎక్కి ముళ్లు తిప్పాడు. మొట్టమొదట తిప్పింది పెద్దింట్లమ్మ ఇంట్లోదే. ఆవిడ ఏమీ అనకుండా స్టూలు పట్టుకుని నుంచుంది. ఆ మౌనం శ్యాంబాబుకి ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

ఊరు ఆ పావుగంటని వదల్లేదు. రీఛార్జి కొట్టు గంగయ్య ఫోన్లు అమ్మడం మొదలెట్టాక, కొత్త ఫోను ఎవరు కొన్నా టైము దానంతటదే సరిచేసుకునే మీట ఆపేసి, పావుగంట ముందుకి తోసి మరీ చేతికిచ్చేవాడు. ఇది శ్యాంబాబుకి తెలీదు. గోడ గడియారాలు తిప్పి చేతులు దులుపుకున్నాననుకున్నాడు. ఆ పావుగంట జేబుల్లోకి కూడా దూరిందన్నమాట.

అయినా అనుమానం వేరు, తేలడం వేరు. తన ఫోను తీసి టైము చేత్తో పావుగంట ముందుకి జరిపి, అగ్గిపెట్టెల కట్ట ఒకటి ఎంచుకుని తన కార్డు కొట్టాడు. చక్రం తిరగడం మొదలెట్టింది. ఫోను వేడెక్కింది. యాప్‌ని బలవంతంగా మూసేసి, టైము అయిదు నిమిషాలు ముందుకి పెట్టి చూశాడు. వెళ్లిపోయింది. తొమ్మిది పెట్టాడు, వెళ్లిపోయింది. పదకొండు పెట్టాడు, ఆగింది. హైమ టీచరు పక్కన నుంచుని కాగితం మీద రాసింది. ఆ పూట శ్యాంబాబు పేర అగ్గిపెట్టెల కట్టలు రెండు ఆర్డరయిపోయాయి.

ఆ కాగితం కీర్తిప్రియకి ఫోను చేసి చదివి వినిపించాడు.

"పది నిమిషాలండీ," అంది ఆ పిల్ల. "చీటీ పది నిమిషాలే చెల్లుతుంది. ఫలానా టైము దాకా చెల్లుతుందని సర్వర్ రాసిస్తుంది. కొత్త వెర్షన్‌లో నేను ఒక తనిఖీ పెట్టాను. చీటీ చెల్లుతోందో లేదో చూసుకుని బ్యాంకుకి వెళ్లమని. ఆ చూసుకోవడం ఫోను గడియారం చూసి చూసుకుంటోంది. ఫోను పావుగంట ముందుంటే, అప్పుడే పుట్టిన చీటీ కూడా పాతదే. పారేసి కొత్తది అడుగుతుంది. అదీ పాతదే. ఎన్నిసార్లు అడగాలో నేను హద్దు పెట్టలేదు." గొంతు తగ్గింది. "ఆఫీసులో అన్ని ఫోన్లలోనూ టైము సరిగ్గానే ఉంటుంది కదండీ. ఇలా పెట్టుకునేవాళ్లు ఉంటారని అనుకోలేదు."

ఈ సంగతి ఫోనులో విన్న రాజుగారికి గంపెడు బరువు దిగింది. "అయితే ఇంకేంటండీ! వాళ్లనే టైము సరిచేసుకోమనండి. మీరక్కడే ఉన్నారు కదా, పది ఇళ్లు తిరిగి మీట నొక్కేసి రండి. కీర్తిప్రియ చేతిలో రొయ్యల మేత యాప్ పనుంది, దాన్ని కదపలేను."

మాట సబబుగానే ఉంది. ఒక్కో ఫోనుకి అరనిమిషం పట్టదు. సాయంత్రానికి ఊరంతా బాగవుతుంది, శనివారానికి ఆర్డర్లొస్తాయి, కౌంటరు నిలబడుతుంది. శ్యాంబాబు పెద్దింట్లమ్మకి సంగతంతా విప్పి చెప్పాడు.

"అంతేనా?" అంది ఆవిడ. ఫోను ఆయన ఒళ్లో పడేసింది. "మార్చెయ్. నువ్వు పెట్టిందే కదా."

శ్యాంబాబు సెట్టింగుల్లోకి వెళ్లాడు. తారీకు, టైము. మీట కనిపించింది. బొటనవేలు దాని మీదకి వెళ్లి ఆగిపోయింది.

రెండు టైములతో బతకడం ఎవరికి కుదురుతుంది? గోడ గడియారం ఒక టైము, చేతిలో ఫోను ఇంకో టైము అయితే, తొందరలో మనిషి దేన్ని నమ్ముతాడు? నొప్పొచ్చిన మనిషిని లేవదీసి, ఇంకా పావుగంట ఉందిలే అనుకుని చెప్పులు వెతుక్కుంటారు. రేపెప్పుడో ఒకరోజు ఇంకెవరో గట్టు మీద నుంచుని చెయ్యి ఊపుతారు. అప్పుడు పంటి మీద తను కూడా ఉండడు.

"మార్చను పిన్నిగారూ," అన్నాడు.

"మరి కౌంటరో?"

శ్యాంబాబుకి భయం వేసింది. ఈవిడకి ఇదివరకు ఒకటి పోగొట్టాడు. రెండోది కూడా తన చేతిమీదుగానే పోతుందేమో అనిపించింది.

తిరిగి భీమవరం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. రాజుగారికి ఎదురు చెప్పడం శ్యాంబాబుకి అలవాటు లేదు. చేతులు కట్టుకుని నుంచున్నాడు.

"నొక్కలేదండి. నొక్కనండి."

"ఏంటి శ్యాంబాబు గారూ ఇది? తప్పు వాళ్ల ఫోన్లలో పెట్టుకుని..."

"వాళ్లది తప్పు కాదండి. ఆ టైము పంటి కోసం. ఆ ఊళ్లో ఆసుపత్రి లేదు కదండీ. మన అగ్గిపెట్టెల కోసం దాన్ని మార్చమని నేను చెప్పలేనండి. కావాలంటే నన్ను తీసెయ్యండి."

రాజుగారు ఆశ్చర్యంగా చూశారు. తిట్లు తినడానికి పెట్టుకున్న మనిషి ఇలా మాట్లాడతాడని అనుకోలేదు. ఆ గదిలో ఏమయ్యేదో గాని, కీర్తిప్రియ ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చేసింది.

"సార్, ఒక్కసారి చూడండి. చీటీ మీద చీటీ అడుగుతున్న ఫోన్లు ఇంకెక్కడున్నాయా అని వెతికాను. మొగలిలంకవి ముప్ఫై నాలుగు. మిగతా ఊళ్లలో నూట తొంభై. గల్ఫు నుంచి ఫోను తెచ్చుకుని, అక్కడి టైముని చేత్తో జరుపుకున్నవాళ్లుంటారు, గడియారం తప్పిన పాత ఫోన్లుంటాయి. వీళ్లెవరూ మనకి ఫోను చెయ్యలేదు. కట్టడం మానేసి వెళ్లిపోయారు, అంతే." ఊపిరి తీసుకుంది. "మార్చాల్సింది నేను సార్. రెండు గంటల పని."

నూట తొంభై అన్న అంకె రాజుగారి చెవికి బాగా ఎక్కింది. రొయ్యల మేత ఒక పూట ఆగినా కొంప మునగదని ఆయనకే తోచింది. మొగలిలంకకి ఇంకో వారం గడువు కూడా ఇచ్చారు. శ్యాంబాబుని తీసెయ్యడం సంగతి ఎవరూ ఎత్తలేదు.

కీర్తిప్రియ ఏం చేసిందంటే, చీటీ ఫలానా టైము దాకా అని కాకుండా, ఇంకా ఇన్ని సెకన్లు ఉంది అని సర్వర్ చేత చెప్పించింది. ఆ సెకన్లని ఫోను గడియారంతో కొలవడం మాన్పించింది. ఫోను వెలిగిన దగ్గర్నుంచీ లోపల నడిచే లెక్క ఒకటి ఉంటుందట, ఎవరు టైము జరిపినా అది కదలదట. దాంతో కొలిపించింది. రెండుసార్లు అడిగినా చీటీ కుదరకపోతే చక్రం ఆపేసి, డబ్బు కట్టడం కుదరలేదు అని తెలుగులో చెప్పమంది. ఆఫీసు ఫోన్లన్నిటిలోనూ టైము ముందుకీ వెనక్కీ తిప్పి చూశాకే బయటికి వదిలింది. అది అందరి ఫోన్లకీ చేరడానికి నాలుగు రోజులు పట్టింది.

మంగళవారం శ్యాంబాబు వ్యానుతో పాటు మొగలిలంక వెళ్లాడు. అరుగు మీద ఏడుగురు ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మొదట పెద్దింట్లమ్మే కార్డు తీసింది. నంబరు, తారీకు, మూడంకెలు. కట్టు అని నొక్కింది. చక్రం ఒక్క చుట్టు తిరిగి, బ్యాంకు పేజీకి తోవ ఇచ్చింది. వాట్సాప్‌లో దుర్గాశ్రీ అంకెలు చెప్పింది, ఈవిడ కొట్టింది. ఆర్డరు అందింది అని పచ్చగా వచ్చింది. అరుగంతా ఒక్కసారి కేకేసింది. పావుగంటలో కొత్త ఆర్డర్లు పదకొండయ్యాయి. కౌంటరు కదిలేది లేదని శ్యాంబాబుకి అప్పుడు నమ్మకం కుదిరింది.

వ్యాను రేవు వైపు, ఆడవాళ్లు ఇళ్ల వైపు వెళ్లాక పెద్దింట్లమ్మ ఫోను ఆయన ముందు పెట్టింది. ఆర్డరు చీటీ మీద పదకొండు ఇరవై అని ఉంది. ఫోను పైన పదకొండు ముప్ఫై అయిదు.

"రెండూ ఉంటాయన్నమాట," అంది.

"ఉంటాయి పిన్నిగారూ. వాళ్ల టైము వాళ్లది, మీది మీది."

ఆవిడ ఫోను తీసి పక్కన పెట్టింది. "ఆ అమ్మాయి కీర్తిప్రియ ఫోను చేసింది. ఉద్యోగం తీసెయ్యమన్నావంటగా, గడియారం మార్చనని."

శ్యాంబాబు ఖాళీ అట్టపెట్టె ఒకటి తీసి మడతపెట్టసాగాడు.

"నీకో సంగతి చెప్పాలి శ్యాంబాబూ. ఆవేళ మా ఇంట్లో గడియారం సరిగ్గానే ఉంది. తప్పలేదు. మేం టైముకే లేచాం. ఆయన మాసిన చొక్కాతో ఆసుపత్రికి రానన్నాడు. ఇస్త్రీది తియ్యమన్నాడు. నేను పెట్లో వెతికి తీశాను. గుండీలు పెట్టాను. అక్కడ పోయింది టైము." ఆవిడ గొంతు మారలేదు, పప్పు బాగుచేస్తూ మాట్లాడుతున్నట్టే ఉంది. "నువ్వు పదోరోజు వెళ్లాక వచ్చి స్టూలెక్కినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తప్పు నాది కాదు, పంటిదీ ఈ అబ్బాయిదీ అనుకుంటే నాకు తేలిగ్గా ఉండేది. పద్నాలుగేళ్లు నీ నెత్తిన పెట్టేశాను."

శ్యాంబాబు గోడకేసి చూశాడు. కళ్లు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రుమాలు లేదు. పెద్దింట్లమ్మ దండెం మీద తువ్వాలు తీసి ఇచ్చింది.

"గడియారం మార్చమంటారా పిన్నిగారూ?" అన్నాడు మొహం తుడుచుకుని.

"ఎందుకూ? ఊరందరికీ పనికొచ్చింది. ఉండనీ." గడియారం చూసి లేచింది. "పన్నెండవుతోంది. వెళ్లు, పంటి తప్పిపోద్ది."

శ్యాంబాబు తువ్వాలు మడతపెట్టి ఇచ్చి, చెప్పులు వేసుకుని గబగబా రేవుకి నడిచాడు. చేరేసరికి పంటి గట్టునే ఉంది, ఇంజను కూడా వెయ్యలేదు. వాచీ చూసుకున్నాడు. ఇంకా పావుగంట ఉంది. టిక్కెట్లు ఇచ్చే బల్ల ఖాళీగా ఉంటే, పద్నాలుగేళ్లలో మొదటిసారి వెళ్లి దాని మీద కూర్చున్నాడు.